బండరాయి బరువు అంచనా: ముక్కను నీటిలో ముంచే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో ఇంటి స్థలం చదును చేస్తుంటే గ్రానైట్ గుండు అడ్డుపడటం మామూలే. క్రేన్‌ను పిలిచే ముందు దాని బరువు తెలియాలి. అందుకు చిన్న ముక్కను తూచి, నీళ్లున్న కొలజాడీలో ముంచి సాంద్రత కనుక్కోండి, దాన్ని గుండు ఘనపరిమాణంతో గుణించండి.

• ముక్కను గుండు లోపలి భాగం నుంచే తీసుకోండి. ఎండకు, వానకు పొరలు లేచిన పైభాగం తేలికగా ఉంటుంది.

• పొడిగా ఉన్నప్పుడే తూచండి. మన ముక్క 212 గ్రాములు అనుకుందాం.

• దారం కట్టి మెల్లగా దించండి. జారవిడిస్తే గాజు కొలజాడీ అడుగు పగులుతుంది, నీళ్లు చిందుతాయి. పగుళ్లలో బుడగలు అంటుకుంటే దారాన్ని కదిపి వదిలించండి, లేకపోతే ఘనపరిమాణం ఎక్కువగా కనిపిస్తుంది.

• నీటిమట్టపు వంపు అడుగుభాగాన్ని కంటికి సమానంగా పెట్టి చదవండి. 300 నుంచి 380 మిల్లీలీటర్లకు పెరిగితే ఘనపరిమాణం 80 మిల్లీలీటర్లు, సాంద్రత మిల్లీలీటరుకు 212 ÷ 80 = 2.65 గ్రాములు, అంటే ఘనపు మీటరుకు 2,650 కిలోలు. గ్రానైట్‌కు ఇది సరైన విలువే. ఇక్కడ 5 మిల్లీలీటర్లు తప్పు చదివితే సాంద్రత 2.5 నుంచి 2.8 వరకు ఊగుతుంది. అందుకే జాడీలో పట్టేంత పెద్ద ముక్క ఎంచుకోండి.

• అసలు ప్రమాదం గుండు కొలతల్లోనే ఉంది. 1.2 × 0.9 × 0.7 మీటర్లను పెట్టెలా లెక్కించి సాంద్రతతో గుణిస్తే దాదాపు 2,000 కిలోలు వస్తుంది. గుండ్రటి రాయి ఆ పెట్టెలో దాదాపు సగమే నింపుతుంది కనుక బరువు సుమారు 1,050 కిలోలు. మట్టిలో కూరుకున్న భాగాన్ని తవ్వి చూడకుండా ఈ అంకెను క్రేన్ ఆపరేటర్‌కు చెప్పకండి.