రెండో చరణం దగ్గర పాట చల్లారిపోతోందా? ముందు తోకలు కోసి చూడండి

పల్లవి బాగుంటుంది. మొదటి చరణం పర్వాలేదనిపిస్తుంది. రెండో చరణం మొదలయ్యేసరికి వినేవాడు ఫోన్ చూసుకుంటాడు. రాసినవాళ్ళు ట్యూన్‌ని అనుమానిస్తారు, తర్వాత గాయకుణ్ణి, ఆ తర్వాత మిక్సింగ్‌ని. సాహిత్యాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు, ఎందుకంటే మీటర్ సరిపోయింది, ప్రాస కుదిరింది.

మాత్రలు లెక్కపెట్టడం, తత్తకారానికి పదాలు కూర్చడం వచ్చినవాళ్ళ కోసమే ఇది. అవి రాకపోతే ముందు అవి నేర్చుకోండి.

అన్నిటికన్నా ముందు: పాడకండి, చదవండి

చెప్పీ చెప్పీ విసుగొచ్చిన మాటే ఇది. సాహిత్యం సరిచూడమంటే అందరూ ట్యూన్‌లో పాడుకుంటూ చూస్తారు. ట్యూన్‌లో ఏదైనా బాగానే ఉంటుంది, తననన కూడా బాగానే ఉంటుంది. కాగితం తీసుకుని, రాగం లేకుండా, పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు బయటికి చదవండి. చదువుతుంటే ఎక్కడ సిగ్గేసిందో అక్కడ గీత పెట్టండి. సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి.

లక్షణం: లైన్ నిండింది, అర్థం నిండలేదు

కారణం పాదపూరణం. ఛందస్సు ఉన్నప్పటినుంచీ ఉన్న జబ్బే. ఒకటో రెండో మాత్రలు తక్కువైతే మరి, లే, ఇలా, ఈ వేళ లాంటివి వచ్చి కూర్చుంటాయి. వీటిలో గుర్తుపట్టడం కష్టమైనది ‘ఎను’. పాటంతా వాడుక భాషలో నడుస్తూ, ఉన్నట్టుండి ‘కురిసెను’, ‘పాడెను’ అని వచ్చిందంటే అది భాషాభిమానం కాదు. ‘కురిసింది’ అంటే ఒక మాత్ర ఎక్కువవుతోంది కాబట్టి వచ్చింది.

అనుమానం ఉన్న పదం కొట్టేసి లైన్ చదవండి. అర్థంలో తేడా రాకపోతే అది పూరణమే. దాని స్థానంలో ఇంకో పదం వెతకొద్దు. ఒక మాత్రే తక్కువైతే సంగీత దర్శకుణ్ణి అడిగి ముందు అక్షరాన్ని సాగదీయించండి. నాలుగైదు మాత్రలు ఖాళీ ఉంటే అక్కడ కంటికి కనబడే వస్తువు ఒకటి పెట్టండి.

బతుకమ్మ పాటల్లో లైన్ చివర వచ్చే ‘ఉయ్యాలో’, జోలపాటలో ‘జోజో’ ఈ లెక్కలోకి రావు. ఒకటి చప్పట్ల అడుగుకి కలిసి పలికే మాట, రెండోది ఊపు. వాటిని కొట్టేస్తే పాటే ఉండదు.

లక్షణం: ప్రాస ఉంది, కానీ అతికించినట్టుంది. పైగా రెండు చరణాలూ ఒకేలా ఉన్నాయి

ఇవి రెండు వేర్వేరు జబ్బులనుకుని విడివిడిగా మందు వేస్తారు. ప్రాస పదాలు మారుస్తారు, అది తగ్గదు. రెండో చరణం తిరగరాస్తారు, మళ్ళీ అలాగే వస్తుంది. చాలాసార్లు రెండిటికీ వేరు ఒకటే: ప్రాసని పదం మోయడం లేదు, ప్రత్యయం మోస్తోంది.

తెలుగులో విభక్తి అయినా క్రియా ప్రత్యయం అయినా మాట చివరే తగులుకుంటుంది. అంచేత అంత్యప్రాస మనకి అతి చవక. నాలుగు లైన్ల చివర ‘లా’ పెడితే చాలు, ప్రాస వచ్చేసినట్టే. చెవి మోసపోతుంది. కానీ ‘లా’ అంటే పోలిక. నాలుగు లైన్లూ ‘లా’తో ముగిస్తే నాలుగు లైన్లూ పోలికలే, ఏదీ జరగదు. నాలుగూ ‘వచ్చానే, మెచ్చానే’ వరసైతే నాలుగింటికీ ఒకే కర్త, ఒకే కాలం, చేసిన పనుల జాబితా. నాలుగూ ‘రావాలి, కావాలి’ వరసైతే కోరికల చిట్టా. ప్రత్యయంతో ప్రాస కట్టిన క్షణంలోనే వాక్య నిర్మాణం గడ్డకట్టింది. కథ కదలకపోవడానికి కారణం ఊహ లేకపోవడం కాదు, వ్యాకరణం తాళం వేసుకుని కూర్చోవడం.

ఉదాహరణకి ఈ సందర్భం తీసుకోండి. చాలా ఏళ్ళకి ఊరొచ్చిన కొడుకు, అమ్మ పోయాక తాళం పడిన ఇల్లు. మీటర్ ‘తకధిమి తకధిమి తకధిమి తా’, అంటే 14 మాత్రలు. మొదటి చరణం చిత్తుప్రతి ఇలా వచ్చింది:

గాలే పాడెను పాటల్లా
వానే కురిసెను ముత్యాల్లా
జ్ఞాపకమొచ్చెను కెరటాల్లా
మనసే ఎగిరెను పక్షుల్లా

లెక్కపెట్టుకోండి, ప్రతి లైనూ 14 మాత్రలే. ఇప్పుడు తోక కోయండి, అంటే చివరి ప్రత్యయం తీసేయండి. మిగిలింది పాట, ముత్యం, కెరటం, పక్షి. వీటి మధ్య ప్రాస ఎక్కడుంది? అసలు లేదు. ఉన్నదంతా ‘ల్లా’.

ఇంకాస్త దగ్గరగా చూస్తే అతుకులు కూడా కనబడతాయి. మనసు ఒక్కటే, పక్షులు మాత్రం బోలెడు. ఎందుకలా? ‘పక్షిలా’ అంటే అయిదు మాత్రలే, అక్కడ ఆరు కావాలి. ఆ ఒక్క మాత్ర కోసం మనసు గుంపుగా ఎగిరింది. గాలి ‘పాటల్లా పాడింది’ అన్నది మరీ ఘోరం. ఎవరైనా పాటలు పాడతారు గానీ, పాటల్లా పాడరు. ట్యూన్‌లో వింటే ఇవేవీ దొరకవు.

రెండో చరణం:

గోడలు నిలిచెను నేస్తాల్లా
తలుపులు పిలిచెను తల్లుల్లా
రోజులు కదిలెను మబ్బుల్లా
కన్నులు మెరిసెను దీపాల్లా

ఇక్కడ రెండో పరీక్ష, మార్పిడి పరీక్ష. ఈ చరణంలో మూడో లైన్ తీసి మొదటి చరణంలో పెట్టండి, అక్కడి రెండో లైన్ ఇక్కడ పెట్టండి. ఏమైనా చెడిందా? చెడలేదు. చరణాలకి చరణాలే తారుమారు చేసినా పాట అలాగే ఉంటుంది. అలా అతుకు తెలియకుండా మారిపోయిందంటే భావం ఎక్కడికీ నడవలేదని అర్థం. బాగున్న పాటలో లైన్ చోటు మారిస్తే ఎముక విరిగినట్టు తెలియాలి.

ఇక మరమ్మతు. ప్రాస జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ముందు ఒక్కో చరణానికి ఒక్కో మామూలు వాక్యం, పాటలా కాకుండా, రాసుకోండి: చరణం మొదట్లో ఇతనికి ఏం తెలుసు, చివరికి ఏం తెలిసింది. ఇక్కడ మొదటిది, ‘అలవాటు కొద్దీ అమ్మని పిలిచాడు, తాళం కనబడింది’. రెండోది, ‘తన కోసం ఎదురుచూసిందని లోపలికి వెళ్ళాక తెలిసింది, ఇప్పుడామె లేదు’. ఈ రెండు వాక్యాలూ రాయలేకపోతే పాట ఆపేయండి, సందర్భమే తేలలేదన్నమాట.

తర్వాత నాలుగో లైన్ ముందు రాయండి. ప్రాసను అక్కణ్ణుంచి వెనక్కి, రెండో లైన్‌కి తీసుకురండి. ఒకటి, మూడు లైన్లని వదిలేయండి. నాలుగు చోట్లా ప్రాస కావాలని ఏ ట్యూనూ అడగదు, ఒకే స్వరం మీద ఆగే చోట్లే చెవి ప్రాస వెతుకుతుంది. ఒకటో లైన్ పైస్వరం మీద నిలిచి, రెండోది కిందికి దిగితే, రెండు–నాలుగు కలిస్తే చాలు.

గేటును తోస్తూ ఎప్పట్లా
అరిచానలవాటుగ ‘అమ్మా’
తాళం నిండా తుప్పుంది
అరచేతికి అంటిన చెమ్మ

అవే 14 మాత్రలు. తుప్పుంది, చెమ్మ అన్నచోట చివరి లఘువుని సాగదీసి పాడతారు కాబట్టి గురువు కిందే లెక్క. ‘అమ్మా’ పిలుపు, ‘చెమ్మ’ వస్తువు. రెండిటి వ్యాకరణం వేరు, ప్రాస పదం లోపలే ఉంది, కోయడానికి తోకే లేదు. ‘ఎప్పట్లా’లో ‘లా’ ఉందిగా అంటారేమో. అది ఒంటరిగా ఉంది, ప్రాస మోయడం లేదు, ఏ తప్పూ లేదు.

అరలో బోర్లా నా కంచం
దుప్పటి పరిచిన నా మంచం
వస్తాననుకుని ఉంచావా
ఇదిగో వచ్చా, లేవమ్మా

ఇక్కడ కంచం, మంచం పక్కపక్కనే ప్రాస కలిసి, మూడో లైన్ ప్రశ్నగా తిరిగింది. నాలుగో లైన్ ప్రాస ఈ చరణంలో లేదు, మొదటి చరణంలోని ‘అమ్మా’ దగ్గరుంది. ‘లేవమ్మా’ అంటే నిద్ర లేవమనీ అవుతుంది, నువ్వు లేవు అనీ అవుతుంది. అక్కడ అలవాటుగా వచ్చిన పిలుపు ఇక్కడ తెలిసి వచ్చింది. ఇప్పుడు మార్పిడి పరీక్ష చేయండి: కంచం, మంచం లైన్లని మొదటి చరణంలో పెడితే తాళం తీయకుండానే లోపలికి వెళ్ళినట్టవుతుంది. పాట విరిగింది. కావలసింది అదే.

ప్రత్యయం కనబడగానే కొట్టేయమని కాదు. ‘తలుపులు, పిలుపులు’లో ‘లు’ కోసినా తలుపు, పిలుపు కలుస్తూనే ఉన్నాయి, అది నిఖార్సయిన ప్రాస. నాలుగు లైన్లలో రెండిటికి తోకప్రాస ఉంటే వదిలేయవచ్చు. మూడుంటే అనుమానించండి. నాలుగూ అదే అయితే తిరగరాయండి. ఎకసెక్కాల పాటలు, వరసలు ఏకరువు పెట్టే హాస్యపు పాటలు దీనికి మినహాయింపు. అక్కడ నవ్వంతా జాబితాలోనే ఉంది.

లక్షణం: చరణాలు కదిలాయి, పల్లవి మాత్రం అడ్డుగోడలా ఉంది

ప్రతి చరణం తర్వాతా అదే పల్లవి వస్తుంది కదా. ‘చేరుకున్నా మా ఇంటికి’ అన్నది పల్లవి అనుకోండి. మొదటిసారి సంబరంగా వినబడుతుంది, తాళం చూశాక సందేహంగా, మంచం చూశాక ఇంకోలా. మాట మారలేదు, బరువు మారింది. అదే పల్లవిలో ‘ఎంతో ఆనందం’ అని భావం పేరు పెట్టి రాసేస్తే, రెండో చరణం తర్వాత అది అబద్ధమైపోతుంది. పల్లవిలో భావం పేరు ఉంటే తీసేసి, పనో చోటో పెట్టండి. మూడుసార్లు మూడు రకాలుగా పలకగలిగేది అదే.

అరుదైనవి

ట్యూన్‌లో ఊపిరి తీసుకునే జాగా లేక మాట మధ్యలో విరిగిపోవడం జరుగుతుంది. పాడించి చూస్తే వెంటనే తెలుస్తుంది, విరుపు దగ్గర మాట మార్చుకుంటే సరి. ఒక చరణం గోదావరి యాసలో, ఒకటి తెలంగాణ యాసలో రావడం ఇద్దరు కలిసి రాసినప్పుడే చూస్తాం. పాడే మనిషి ఎవరో తేల్చుకుంటే పోతుంది. యతి కుదరలేదని తల పట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ట్యూన్‌కి రాసే పాటలో యతి ఉంటే అందం, లేకపోతే ఎవరూ అడగరు. దాని కోసం ‘చెమ్మ’ని మాత్రం మార్చకండి.