లారీ బాడుగ బిల్లు ఎలా రాయాలి? ఎల్‌ఆర్, కాటా చీటీ, హమాలీ కూలి అన్నీ ఒకే లెక్కలో కలిసేలా

చిత్తూరు నుంచి చెన్నై హార్బరుకు రెండు లోడ్ల మామిడి గుజ్జు పంపి బిల్లు పెట్టిన వారానికి, ఫ్యాక్టరీ అకౌంటెంటు ఫోన్ చేశాడు. "అన్నా, మా ఇన్వాయిస్‌లో 14,880 కిలోలే ఉండాది. మీరు 16,820 కిలోలకు బాడుగ వేసినారే, ఎట్లా?"

ఆయన చూసిన అంకె తప్పు కాదు. నేను వేసినదీ తప్పు కాదు. కానీ సరుకుతో పాటు పంపే లారీ రసీదులో, అదే ఎల్‌ఆర్‌లో, బరువు గడిలో "ఇన్వాయిస్ ప్రకారం" అని రాసి వదిలేశాను. అంటే ఆయన మాటకు నా కాగితమే సాక్ష్యం చెప్పింది. కాటా చీటీ కాపీ కోసం వే బ్రిడ్జి దగ్గరికి మళ్లీ పోయి, సీరియల్ నంబరు పట్టుకుని డూప్లికేటు తీయించుకునేదాకా డబ్బు కదల్లేదు. అప్పటి నుంచి బిల్లు ఎలా రాస్తున్నానో ఆ రెండు లోడ్ల మీదే చెబుతాను. రేట్లు ఉదాహరణ కోసం వేసుకున్నవి, మీ రేట్లు మీరు వేసుకోండి.

ముందు తెలుసుకోవాల్సింది: ఒకే లోడుకు మూడు బరువులు

గుజ్జు డబ్బాలో 3.1 కిలోల గుజ్జు ఉంటుంది. అట్టపెట్టెకు ఆరు డబ్బాలు, అంటే 18.6 కిలోలు. 800 పెట్టెలకు 14,880 కిలోలు. ఫ్యాక్టరీ అమ్మేది గుజ్జు కాబట్టి వాళ్ల ఇన్వాయిస్‌లో ఉండేది ఈ అంకె.

లారీ మోసేది గుజ్జొక్కటే కాదు. రేకు డబ్బా, మూత, అట్ట కలిపి మా లోడులో పెట్టె 21 కిలోలు తూగింది. 800 పెట్టెలకు 16,800 కిలోలు. ఇది ప్యాకింగ్ లిస్టులో "గ్రాస్" అని ఉంటుంది. మూడోది కాటా చీటీ: లోడుతో 26,420, ఖాళీ లారీ 9,600, తేడా 16,820 కిలోలు. పెద్ద కాటాలు 5, 10 కిలోల లెక్కన చూపిస్తాయి కాబట్టి ప్యాకింగ్ లిస్టుకూ కాటాకూ 20 కిలోల తేడా వస్తే కంగారు పడక్కర్లేదు.

టన్నుకు 900 రూపాయల బాడుగ అయితే మొదటి అంకెకు 13,392 రూపాయలు, మూడో అంకెకు 15,138 రూపాయలు. ఒక్క లారీ మీద 1,746 రూపాయల తేడా. ఫ్యాక్టరీ వాళ్లకు మన మీద అనుమానం పుట్టేది ఇక్కడే. జీఎస్టీ నిబంధనలు కూడా గూడ్స్ ట్రాన్స్‌పోర్టు బిల్లులో సరుకు స్థూల బరువు, లారీ నంబరు, పంపినవారు, అందుకునేవారు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నవి ఉండాలంటాయి. నికర బరువు కాదు, స్థూల బరువు. అకౌంటెంటుకు ఈ మాట చెబితే సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

1. లారీ పంపే ముందే రేటు రాతలో పెట్టండి

ఫోన్లో "టన్నుకు 900" అనుకుంటే చాలదు. ఏ బరువు మీద, మినిమం ఎంత, ఎక్కించే కూలి ఎవరిది అన్న మూడూ వాట్సాప్‌లో ఒక్క మెసేజీగా పంపి, అవతలి నుంచి "ఓకే" తెప్పించుకోండి. నేను పంపేది ఇలా ఉంటుంది: "చిత్తూరు టు చెన్నై హార్బరు, టన్నుకు 900, కాటా బరువు మీద, మినిమం 16 టన్నులు, లోడింగ్ హమాలీ ఫ్యాక్టరీ ఖాతా, మేము కడితే చీటీతో బిల్లులో వేస్తాం."

మినిమం ఎందుకంటే లారీ సగం నిండినా డీజిలు, టోలు, డ్రైవరు బత్తా అంతే అవుతాయి. మా రెండో లారీలో 640 పెట్టెలే వచ్చాయి. కాటాలో 13,450 కిలోలు. మినిమం ముందే రాసుకోవడం వల్ల 16 టన్నులకే బిల్లు వేశాం, ఎవరూ నోరెత్తలేదు. రాసుకోకపోతే ఆ తేడా అడగడానికి మనకు హక్కు ఉండదు.

2. ఖాళీగానూ, లోడుతోనూ ఒకే కాటా మీద తూకం

ఆర్‌సీలో ఉన్న ఖాళీ బరువు తీసుకుని లెక్క వేయొద్దు. టార్పాలిన్, తాళ్లు, స్టెప్నీ, ట్యాంకులో డీజిలు అన్నీ రోజుకో రకంగా ఉంటాయి. అదే రోజు, అదే వే బ్రిడ్జిలో, అదే స్థితిలో రెండు తూకాలు వేయించండి. ఖాళీ తూకం అయ్యాక డ్రైవరు 200 లీటర్ల డీజిలు పట్టించుకున్నాడనుకోండి, దాదాపు 170 కిలోలు సరుకు బరువులో కలిసిపోతాయి. ఖాళీ తూకంలో క్లీనరు కిందకు దిగి, లోడు తూకంలో క్యాబిన్‌లో కూర్చున్నా అంతే. ఇది దొంగతనం కాకపోయినా బిల్లు చూసేవాడికి అలాగే కనిపిస్తుంది.

ఎలా పసిగట్టాలంటే, పెట్టెల సంఖ్యను 21తో గుణించి కాటా బరువు పక్కన పెట్టి చూడండి. మొదటి లారీలో తేడా 20 కిలోలు, రెండో దాంట్లో 10. వంద కిలోలు దాటితే లారీ గేటు దాటక ముందే మళ్లీ తూకం వేయించండి. పోయాక చేసేదేమీ లేదు.

3. ఎల్‌ఆర్‌లో ఏం రాయాలి

2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు రసీదు మూడు కాపీలుగా ఇవ్వాలి, అసలు కాపీ పంపినవారికి. అందులో రాసిన బరువుకూ వివరాలకూ అదే ప్రాథమిక సాక్ష్యం. అందుకే బరువు గడి ఖాళీగా వదలొద్దు, నాలాగా "ఇన్వాయిస్ ప్రకారం" అనీ రాయొద్దు. ఇలా రాయండి: "800 పెట్టెలు. కాటా బరువు 16,820 కిలోలు. కాటా చీటీ నంబరు ఫలానా. చార్జి బరువు 16,820." రెండో లారీకి: "640 పెట్టెలు. కాటా బరువు 13,450. చార్జి బరువు 16,000, మినిమం."

దాని కింద ఫ్యాక్టరీ ఇన్వాయిస్ నంబరు, ఈ-వే బిల్లు నంబరు, లారీ నంబరు. ఈ మూడే తర్వాత బిల్లును సరుకుతో కట్టే ముడి. చెన్నై ఇక్కడికి 150 కిలోమీటర్ల చిల్లర కాబట్టి ఈ-వే బిల్లు గడువు ఒక్క రోజే. దారిలో లారీ చెడి సరుకు వేరే బండిలోకి మారిస్తే, ఈ-వే బిల్లు పార్ట్-బీలో కొత్త నంబరు ఎక్కించి, ఎల్‌ఆర్ మీదా రాయించండి. లేకపోతే హార్బరు గేటు పుస్తకంలో ఒక బండి, మన బిల్లులో ఇంకో బండి ఉంటుంది.

బాడుగ ఎవరు కడతారో కూడా ఇక్కడే టిక్ పెట్టాలి: ముందే కట్టేస్తే పెయిడ్, సరుకు అందుకునేవారు కట్టేదైతే టు పే, లేదా ఖాతా మీద బిల్లు.

4. హమాలీ కూలికి విడి చీటీ

బాడుగలో కలిపేసి ఒకే మొత్తం వేస్తే రేటు పెంచారనుకుంటారు. హమాలీ మేస్త్రీ దగ్గర ఒక చీటీ రాయించుకోండి: తేదీ, ఎల్‌ఆర్ నంబరు, ఎన్ని పెట్టెలు, పెట్టెకు ఎంత, మొత్తం, సంతకమో వేలిముద్రో. పెట్టెకు 2 రూపాయల చొప్పున మొదటి లారీకి 1,600, రెండో దానికి 1,280 రూపాయలు. పెట్టెల సంఖ్య ఎల్‌ఆర్‌తో సరిపోవాలి, అది ఒక్కటి చూడండి. డ్రైవరు "మామూలు ఇచ్చినా" అని నోటితో చెప్పినదాన్ని బిల్లులో ఎక్కించకండి. చీటీ లేనిది మన ఖర్చే.

5. రిజిస్టరులో ఎల్‌ఆర్‌కు ఒక్క వరుస

ఎక్సెల్‌లో నా వరుస ఇలా ఉంటుంది: A ఎల్‌ఆర్ నంబరు, B తేదీ, C లారీ, D ఇన్వాయిస్ నంబరు, E కాటా టన్నులు, F మినిమం టన్నులు, G రేటు, H హమాలీ. మొత్తానికి మొదటి ఫార్ములా, అదే ఎల్‌ఆర్ రెండుసార్లు ఎక్కిందేమో చూడడానికి రెండోది:

```
=ROUND(MAX(E2,F2)*G2,0)+H2
=COUNTIF(A:A,A2)
```

రెండోది 1 కాకుండా 2 చూపిస్తే ఆగండి. ఒకే ఎల్‌ఆర్‌కు రెండుసార్లు బిల్లు పోతే, మన మిగతా పాత బిల్లులన్నీ కూడా తిరగేస్తారు.

6. బిల్లు

చెన్నైలో సరుకు దించుకున్నవారి సంతకం, సీలు ఉన్న ఎల్‌ఆర్ కాపీ చేతికి వచ్చాకే బిల్లు రాయండి. రెండు ఎల్‌ఆర్‌లకు రెండు వరుసలు. మొదటిది 16.82 టన్నులు, 900 చొప్పున 15,138, హమాలీ 1,600, కలిపి 16,738. రెండోది 16 టన్నులు, 14,400, హమాలీ 1,280, కలిపి 15,680. బిల్లు మొత్తం 32,418 రూపాయలు. రెండో వరుసలో కాటా బరువు 13,450 కూడా కనిపించాలి, దాచకూడదు. పక్కన "మినిమం" అని రాస్తే చాలు.

జీఎస్టీ మాటకొస్తే, పన్ను మేమే కట్టే ఫార్వర్డ్ చార్జి మేము ఎంచుకోలేదు. కాబట్టి 5 శాతం పన్ను రివర్స్ చార్జి కింద ఫ్యాక్టరీయే కట్టుకుంటుంది. బిల్లులో ఆ మాట, ఫ్యాక్టరీ జీఎస్టీ నంబరు రాస్తాం, పన్ను మొత్తంలో కలపం. లోడింగ్ కూడా మా రవాణా సేవలో భాగంగానే బిల్లు వేస్తున్నాం కాబట్టి పన్ను లెక్క 32,418 మీద, అంటే 1,620.90 రూపాయలు. సరుకు తమిళనాడుకు పోయింది కదా అని చాలామంది ఐజీఎస్టీ రాస్తారు. మేమూ ఆంధ్రలోనే, బాడుగ కట్టే రిజిస్టర్డ్ ఫ్యాక్టరీ కూడా ఆంధ్రలోనే, అందుకని సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి 810.45. అదే టు పే అయ్యి, చెన్నైలో రిజిస్ట్రేషన్ ఉన్న పార్టీ కట్టేదైతే ఐజీఎస్టీ.

అడ్వాన్సు బాడుగలో తగ్గించి రాయకండి. లారీకి 4,000 చొప్పున 8,000 ముందే ఇచ్చారు. బిల్లు మొత్తం 32,418 అలాగే ఉంచి, కింద విడిగా తీసేస్తే రావాల్సింది 24,418. టీడీఎస్ పట్టకుండా ఉండాలంటే, పదికి మించి లారీలు లేని ట్రాన్స్‌పోర్టు పాన్‌తో పాటు డిక్లరేషన్ ఇవ్వాలి. దాన్ని మొదటి బిల్లుతోనే జతచేయండి.

ఎల్‌ఆర్ వెనక చెన్నైవాళ్లు "3 పెట్టెలు నలిగినవి" అని రాసి ఉంటే ఏం చేయాలని మా ఆఫీసు పిల్లలు అడుగుతుంటారు. బాడుగ తగ్గించి బిల్లు వేయొద్దు. మోసిన బరువు మోసినదే. బిల్లు పూర్తిగా వేసి, నష్టానికి ఫ్యాక్టరీ వాళ్లను విడిగా డెబిట్ నోట్ ఇవ్వమనండి, అందులో ఎల్‌ఆర్ నంబరు ఉండాలి. ఆ రాతను చించేసిన కాపీతోనో, జిరాక్సుతోనో బిల్లు మాత్రం పెట్టకండి. చెన్నైలో ఉన్న కాపీ మీద అదే రాత ఉంటుంది.

బిల్లు వెనక కాగితాలు ఎల్‌ఆర్ వరుసలో కుట్టండి: సంతకమైన ఎల్‌ఆర్, రెండు తూకాల కాటా చీటీ, హమాలీ చీటీ, ఇన్వాయిస్ కాపీ. ఫ్యాక్టరీలో ఇచ్చేటప్పుడు మన ఆఫీసు కాపీ మీద తేదీతో ఇన్‌వర్డ్ సీలు వేయించుకుని రండి. బిల్లు గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.