వారసత్వ పాఠాలు – 4: వీలునామాలో సాక్షి సంతకం ఎప్పుడు నిలుస్తుంది?

వీలునామా ఎవరు రాయవచ్చో, ఏ ఆస్తి మీద రాయవచ్చో గత పాఠంలో చూశాం. ఈసారి ఆఖరి పేజీ అడుగున సాక్షులు పెట్టే సంతకాలను మాత్రమే తీసుకుందాం. వీలునామా చెల్లదని వాదించే వకీలు మొదట వేలు పెట్టేది అక్కడే. రాసినాయన అప్పటికి ఉండడు కాబట్టి, ఆ రోజు ఏం జరిగిందో కోర్టుకు చెప్పగలిగేది ఆ ఇద్దరే.

పర్లాకిమిడిలో ఒక కుటుంబం ఉందనుకోండి. ఇంటి పెద్ద తన సొంత సంపాదనతో కొన్న ఇల్లు ఒకటి ఉంది, విలువ 30 లక్షలు. ఆయనకు తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తోడబుట్టిన చెల్లెలు బరంపురంలో కాపురం ఉంటోంది. ఇల్లు మొత్తం చిన్న కొడుక్కే అని వీలునామా రాయించాడు. రైటరు ఒడియాలో రాశాడు. ఆయన సంతకం చేస్తుంటే పక్కింటాయన చూసి, అక్కడే మొదటి సాక్షిగా సంతకం పెట్టాడు. రెండో సాక్షి ఊళ్లో కిరాణా కొట్టు యజమాని, ఆ సమయానికి అక్కడ లేడు. సాయంత్రం చిన్న కొడుకు కాగితం పట్టుకుని కొట్టుకు వెళ్లి ఆయన చేత సంతకం పెట్టించుకొచ్చాడు. రెండేళ్లకు పెద్దాయన పోయాడు. పెద్ద కొడుకు, కూతురు కోర్టుకెక్కారు.

చట్టం అడిగేది

సరిహద్దుకు ఇవతల ఒడిశాలోని గజపతి జిల్లా అయినా, అవతల శ్రీకాకుళం అయినా చట్టం ఒకటే: 1925 నాటి భారత వారసత్వ చట్టం, 63వ సెక్షన్. అది అడిగేవి నాలుగు మాటల్లో చెప్పవచ్చు. సాక్షులు కనీసం ఇద్దరుండాలి. వీలునామాదారుడు సంతకం చేయడం గానీ వేలిముద్ర వేయడం గానీ ప్రతి సాక్షీ కళ్లారా చూసి ఉండాలి, లేదంటే ఆ సంతకం తనదేనని వీలునామాదారుడే స్వయంగా ఆ సాక్షితో ఒప్పుకుని ఉండాలి. ఆ తర్వాత ప్రతి సాక్షీ వీలునామాదారుడి ఎదుటే తన సంతకం పెట్టాలి. ఇద్దరు సాక్షులూ ఒకే సమయంలో ఒకే చోట ఉండాలన్న నియమం మాత్రం లేదు.

ఈ చివరి వెసులుబాటును చాలామంది తప్పుగా పట్టుకుంటారు. సాక్షులు ఒకరికొకరు ఎదురుపడకపోయినా ఫరవాలేదు గానీ, ఇద్దరి సంతకాలప్పుడూ వీలునామాదారుడు అక్కడ ఉండి తీరాలి. మన ఉదాహరణలో పెద్దాయన తనే కొట్టుకు నడిచి వెళ్లి, ‘ఈ సంతకం నాదే, నువ్వు సాక్షిగా పెట్టు’ అని చెప్పి, ఎదురుగా నిలబడి పెట్టించుకుని ఉంటే రెండో సంతకం నిక్షేపంగా చెల్లేది. సంతకం చేసింది పొద్దున, ఒప్పుకున్నది సాయంత్రం అయినా అడ్డు కాదు. కొడుకు తీసుకువెళ్లాడు కాబట్టి రెండు మెట్లూ తప్పిపోయాయి. కొట్టు యజమాని సంతకం చేయడం చూడలేదు, ఒప్పుకోలు వినలేదు, తన సంతకం పెద్దాయన ఎదుట పెట్టలేదు.

సాక్షికి వీలునామాలో ఏముందో తెలియాల్సిన పని లేదు. ఆయన సాక్ష్యం సంతకానికే, లోపలి రాతకు కాదు. అందుకే గుట్టుగా రాసుకునేవాళ్లు పై భాగం కాగితంతో కప్పి ఉంచి సంతకం పెట్టించుకున్నా తప్పు లేదు.

కోర్టులో ఏమవుతుంది

వీలునామాను బయటపెట్టినవాళ్లే దాన్ని రుజువు చేయాలి. సాక్షుల్లో ఒక్కరైనా బతికుండి, కోర్టుకు రాగలిగితే వాళ్లను పిలవాల్సిందే. పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 67వ సెక్షన్. రిజిస్టరు చేయించిన వీలునామాకు కూడా ఈ రుజువు తప్పదు. ‘రిజిస్టరయింది కదా, ఇక తిరుగుండదు’ అన్న ధీమాతో సాక్షులను వెతుక్కోకుండా కోర్టుకు వెళ్లి ఇబ్బంది పడేవాళ్లున్నారు. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. సాక్షులు మాత్రం కావాలి.

‘ఒక్కరైనా’ అన్న మాట దగ్గర ఇంకో గుంట ఉంది. ఒక్క సాక్షినే పిలిస్తే, ఆ ఒక్కరే రెండు సంతకాల సంగతీ చెప్పగలగాలి. తన సంతకంతో పాటు రెండో సాక్షి కూడా వీలునామాదారుడి ఎదుట పెట్టాడని ఆయన నోట రావాలి. అలా చెప్పలేకపోతే రెండో సాక్షిని కూడా పిలవాలి. 2002లో జానకీ నారాయణ్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మన కేసులో చిన్న కొడుకు పక్కింటాయనను మాత్రమే పిలిచాడనుకోండి. ఎదుటి వకీలు ప్రశ్నలు ఇలా సాగుతాయి:

‘మీరు సంతకం పెట్టినప్పుడు కొట్టాయన అక్కడున్నారా?’

‘లేరండి.’

‘ఆయన ఎప్పుడు, ఎవరి ఎదుట పెట్టారో మీకు తెలుసా?’

‘సాయంత్రం పెట్టారని విన్నానండి. నేను చూడలేదు.’

అక్కడితో సగం కూలింది. కొట్టు యజమానిని పిలిస్తే నిజం చెప్పినకొద్దీ మిగతా సగమూ కూలుతుంది. వీలునామా పడిపోయినట్టే, ఎందుకంటే చెల్లే సాక్షి సంతకం ఒక్కటే మిగిలింది. పెద్దాయన కోరిక అదేనని ఊరంతా చెప్పినా లోటు పూడదు.

సాక్షులిద్దరూ చనిపోయినా, ఎంత వెతికినా దొరకకపోయినా దారి వేరు. కనీసం ఒక సాక్షి చేతిరాతనూ, వీలునామాదారుడి సంతకాన్నీ గుర్తుపట్టేవాళ్ల చేత రుజువు చేయించవచ్చు. ఆ అవస్థ రాకుండా రాసేనాడే మీకన్నా వయసులో బాగా చిన్నవాళ్లను, ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లను ఎంచుకోవడం మేలు. చట్టం వీలునామాదారుడికి వేలిముద్ర వేసే వీలిచ్చింది గానీ, సాక్షి విషయంలో సంతకం అనే అంది. కాబట్టి చదువు వచ్చిన సాక్షులనే పెట్టుకోండి.

ఒడియా రాత, తెలుగు మనిషి

ఈ జిల్లాల్లో ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. ఒడియా ధారాళంగా మాట్లాడుతూ, లిపి చదవలేని తెలుగువాళ్లు ఎందరో. రైటరు ఒడియాలో రాస్తాడు, ఈయన తెలుగులో సంతకం చేస్తాడు. వీలునామా ఏ భాషలోనైనా ఉండవచ్చు, అది దోషం కాదు. కానీ ‘అందులో ఏముందో ఆయనకే తెలియదు’ అన్న అనుమానానికి అది తలుపు తీస్తుంది. లాభం పొందే కొడుకే రైటరును తెచ్చి, పక్కన కూర్చుని రాయించాడని తేలితే అనుమానం రెట్టింపవుతుంది. అలాంటి అనుమానాలన్నిటినీ తీర్చే భారం వీలునామాను ముందుపెట్టినవాళ్లదేనని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సాక్షుల సంతకాల పైన ఈ వాక్యాలు రాయించండి: ‘ఈ వీలునామాను వీలునామాదారునికి చదివి వినిపించి, తెలుగులో అర్థం వివరించగా, సరిగా ఉన్నదని ఒప్పుకుని, మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు. ఆయన ఎదుట మేము సాక్షులుగా సంతకాలు చేశాము.’ ఇలా రాయకపోతే చెల్లదని కాదు. పదేళ్ల తర్వాత బోనెక్కిన సాక్షికి జ్ఞాపకం తెచ్చుకోవడానికి ఈ రెండు వాక్యాలే ఆధారం. తెలుగు వివరించింది ఎవరో పేరు రాస్తే మరీ మంచిది.

రైటరు తన పేరు రాసి ‘రాసినవాడు’ అని సంతకం చేస్తాడు. దాన్ని సాక్షి సంతకంగా లెక్కేసుకోకండి. సాక్షిగా ఉండాలన్న ఉద్దేశంతో పెట్టిన సంతకమే సాక్షి సంతకం. రైటరు రాయడం ముగించినందుకు పెట్టినది దానికింద రాదు. ఆయనే సాక్షి కావాలంటే ‘సాక్షి’ అన్న చోట విడిగా మళ్లీ పెట్టించాలి.

లాభం పొందే మనిషే సాక్షిగా ఉండవచ్చా అని తరచూ అడుగుతుంటారు. దీనికి మతాన్ని బట్టి జవాబు మారుతుంది. భారత వారసత్వ చట్టంలో క్రైస్తవులకు వర్తించే 67వ సెక్షన్ ప్రకారం సాక్షికి గానీ, సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ రాసిన ఆస్తి చెల్లదు. వీలునామా మిగతా భాగం నిలుస్తుంది. ఆ సెక్షన్ హిందువులకు వర్తించదు, కాబట్టి వాళ్ల విషయంలో ఆస్తి పోదు. అయినా ఆ సాక్షి మాటకు కోర్టులో బరువు తగ్గుతుంది. రెండు వర్గాలవాళ్లకూ ఒకే సలహా: ఆస్తితో ఏ సంబంధమూ లేనివాళ్లను పెట్టుకోండి.

వీలునామా పడిపోతే ఇల్లు ఎవరికి?

వీలునామా లేకుండా పోయినట్టే లెక్క. 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మొదటి తరగతి వారసులకు సమాన భాగాలు వస్తాయి. ఇక్కడ తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు కలిపి ఐదుగురు. తలా ఐదో వంతు, అంటే 6 లక్షలు. భార్యాపిల్లల వరకే లెక్కేసి నాలుగు భాగాలుగా పంచుకునే కుటుంబాలను చూస్తుంటాం. తల్లి బతికుంటే ఆమెకూ సమాన వాటా ఉంది. తండ్రి ఉన్నా ఈ తరగతిలోకి రాడు.

మరుసటి ఏడు ఆ తల్లి కూడా వీలునామా రాయకుండా, భర్త అప్పటికే పోయి ఉండగా మరణించిందనుకోండి. ఆమె 6 లక్షల వాటా 15వ సెక్షన్ ప్రకారం ఆమె సంతానానికి పోతుంది. బతికున్నది బరంపురంలోని కూతురు. ముందే పోయిన కొడుకు వాటాను అతని పిల్లలు ముగ్గురూ తీసుకుంటారు. కోడలికి ఇందులో ఏమీ రాదు. కూతురికి 3 లక్షలు, మనవలకు, మనవరాలికి తలా లక్ష. చివరికి లెక్క: పెద్దాయన పిల్లలు ముగ్గురికీ ఏడేసి లక్షలు, భార్యకు 6 లక్షలు, చెల్లెలికి 3 లక్షలు. చిన్న కొడుకు ఇల్లంతా తనదేననుకున్నాడు. ఒక్క సంతకం కొట్టు దగ్గర పెట్టించినందువల్ల మేనత్తను కూడా కలుపుకుని పంచుకోవాల్సి వచ్చింది.

ఈ లెక్క షెడ్యూల్డ్ తెగలవారికి వర్తించదు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం వాళ్లకు అమలు కాదు. సవర, జాతాపు కుటుంబాల వారసత్వాన్ని వాళ్ల ఆచారాన్ని బట్టి చూడాలి.

ఆస్తి వివరాల గురించి ఒక మాట. ఇల్లు పర్లాకిమిడిలో, పొలం పాతపట్నం వైపు ఉంటే ఒకే వీలునామాలో రెండూ రాయవచ్చు. ఒడిశా ఆస్తికి మౌజా, ఖాతా, ప్లాటు నంబర్లు రాయండి. ఆంధ్ర పొలానికి సర్వే నంబరు రాయండి. ఇక్కడి డెసిమల్, అక్కడి సెంటు రెండూ ఎకరంలో వందో వంతే కాబట్టి విస్తీర్ణం మార్చాల్సిన పని లేదు. సంతకాలయ్యాక ఒక అంకె దిద్దినా, ఆ దిద్దుబాటు పక్కన వీలునామాదారుడూ ఇద్దరు సాక్షులూ మళ్లీ సంతకం చేయాలి.

అభ్యాసం

గుణుపురంలో ఒకావిడ తెలుగులో వీలునామా రాసి, ఒకే ఒక్క సాక్షి ఎదుట వేలిముద్ర వేసింది. ఆ సాక్షి ఆవిడ ఎదుటే సంతకం పెట్టాడు. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించినప్పుడు, ఆవిడ ఫలానా మనిషేనని గుర్తించడానికి వచ్చిన ఇద్దరు కాగితం వెనక సంతకాలు చేశారు. ఈ వీలునామాకు చట్టం కోరే ఇద్దరు సాక్షులు ఉన్నట్టా, లేనట్టా? రైటరు సంతకం గురించి పైన చెప్పిన నియమాన్ని ఆ ఇద్దరికీ పెట్టి చూసి, జవాబు కారణంతో సహా రాయండి. ఆ ఇద్దరిలో ఒకరి ఎదుట ఆవిడ ‘ఈ వేలిముద్ర నాదే’ అని చెప్పి ఉంటే, మీ జవాబు మారుతుందా? మారాలంటే ఆ మనిషి కోర్టులో ఇంకా ఏమేం చెప్పగలగాలో కూడా రాయండి.