ఫోటోలు చూసి పోకేమాన్ కార్డు అసలుదో నకిలీదో తేల్చడం: సమస్య - పరిష్కారం

1999 నాటి ఇంగ్లిష్ బేస్ సెట్‌లో చారిజార్డ్ అనే పోకేమాన్ బొమ్మ ఉన్న కార్డు, నంబరు 4/102. దీనికి నకిలీలు చాలా ఎక్కువ. ఈమధ్య నాకు తెలిసిన ఒక తమ్ముడు దాన్ని కొనబోతూ, అమ్మే వ్యక్తి పంపిన మూడు ఫోటోలు నాకు పంపి "అన్నా, ఇది ఒరిజినలేనా?" అని అడిగాడు. ఆ ఫోటోలతోనే మొదలుపెడతాను.

సమస్య: ఎంత జూమ్ చేసినా చుక్కలు కనిపించడం లేదు

కారణం చాలాసార్లు కార్డులో ఉండదు, ఫోటోలో ఉంటుంది. అసలు కార్డులు ఆఫ్‌సెట్ పద్ధతిలో అచ్చవుతాయి, అందులో రంగులన్నీ సన్నని చుక్కలుగా పడతాయి. అంగుళానికి 150 చుక్కలు అనుకుంటే ఒక చుక్కకూ పక్క చుక్కకూ మధ్య దూరం 0.17 మి.మీ. ఉంటుంది. కార్డు పొడవు 88 మి.మీ. ఆ మొత్తం కార్డు ఫోటోను వాట్సాప్‌లో పంపేటప్పుడు పొడవు 1600 పిక్సెళ్లకు తగ్గిందనుకుందాం. అప్పుడు ఒక్కో చుక్కకు దక్కేది మూడు పిక్సెళ్లే. దానికి కుదింపు తోడైతే చుక్కలన్నీ కలిసిపోయి నున్నటి రంగులా కనిపిస్తుంది. అలాంటి ఫోటో చూసి అసలుదనీ చెప్పకూడదు, నకిలీదనీ చెప్పకూడదు.

పరిష్కారం: ఫోన్ కెమెరాకు చిన్న క్లిప్ లెన్స్ పెట్టి గానీ, నగల షాపువాళ్లు వాడే భూతద్దం గుండా గానీ, గోరంత జాగానే ఫోటో తీయమనాలి. దాన్ని ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఏ జాగా తీయాలో కూడా మనమే చెప్పాలి: కార్డు మీద రాసి ఉండే దాడి పేరు "ఫైర్ స్పిన్"లో మొదటి రెండు ఇంగ్లిష్ అక్షరాలు.

సమస్య: నల్ల అక్షరాల అంచు చెదిరి, చుట్టూ రంగు చుక్కలు

నన్ను అడిగితే అన్నిటికంటే ఎక్కువ నమ్మదగిన గుర్తు ఇదే. అసలు కార్డులో బొమ్మ రంగులు చుక్కలతో వస్తాయి, నల్ల అక్షరాలు మాత్రం నల్ల ఇంకు ఒక్కదానితోనే నిండుగా అచ్చవుతాయి. అందుకే దగ్గర నుంచి చూస్తే వెనక చుక్కల నేల, దాని మీద కాటుకతో దిద్దినట్టు అక్షరం. నకిలీ చేసేవాళ్ల దగ్గర అసలు ఫైళ్లు ఉండవు. వాళ్లు కార్డును స్కాన్ చేసి అచ్చు వేస్తారు. ఆ స్కాన్‌లో అక్షరం కూడా బొమ్మలో భాగమైపోతుంది కాబట్టి అదీ నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలుగానే పడుతుంది.

తమ్ముడికి వచ్చిన కొత్త ఫోటోలో "ఎఫ్" అక్షరం నిలువు గీతను చూశాం. గీత లోపల నలుపు నిండుగా లేదు. కుడి పక్కన గులాబీ చుక్కలు వరసగా బయటికి పొడుచుకొచ్చాయి. అయినా తొందరపడకుండా, అతని దగ్గరే ఉన్న అదే సెట్ ఎనర్జీ కార్డును అదే లెన్స్‌తో, అదే వెలుతురులో తీయించాను. అందులో అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. అంటే తేడా లెన్స్‌ది కాదు, కార్డుదే. ఇలా పక్కన పెట్టి పోల్చకుండా నేను ఎప్పుడూ మాట చెప్పను.

సమస్య: అంచు మొత్తం తెల్లగా ఉంది, లేదా మధ్యలో రెండు గీతలున్నాయి

అసలు కార్డు అట్ట రెండు కాగితాల మధ్య సన్నని నల్లటి పొరతో తయారవుతుంది. అంచును పక్క నుంచి తీస్తే వెంట్రుకంత గీత కనిపిస్తుంది. అది లేకపోతే అనుమానించాలి. ఉన్నంత మాత్రాన ఊరట లేదు, ఎందుకంటే కొన్ని నకిలీల్లోనూ ఆ గీత ఉంటుంది. తమ్ముడు కొనబోయిన కార్డులోనూ ఉంది. గీత జంటగా కనిపించినా, మధ్యలో జిగురులా మెరిసినా, ఒక కార్డు ముందు భాగాన్ని ఇంకో కార్డు వెనక భాగానికి అంటించారేమో చూడాలి. అంచు ఫోటోలు నాలుగు వైపులా అడగండి. చేత్తో నలిగిన చోట గీత మసకబారుతుంది.

సమస్య: కార్డు మొత్తం ఇంద్రధనుస్సులా మెరుస్తోంది

ఈ చారిజార్డ్‌లో హోలో మెరుపు బొమ్మ గడిలోనే ఉంటుంది. పసుపు అంచు, కింది రాతల భాగం మామూలు నునుపుతో ఉంటాయి. అంచు కూడా రంగులు చిమ్ముతుంటే, మొత్తం కార్డుకు ఫిల్మ్ అంటించి ఉంటారు. అయితే ప్లాస్టిక్ స్లీవ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. కెమెరా ఫ్లాష్ అయితే మెరుపులో తేడాలన్నీ చెరిపేస్తుంది. కాబట్టి కార్డును స్లీవ్‌లోంచి తీసి, ఫ్లాష్ ఆపి, ఒక్క దీపాన్ని పక్కన బాగా కిందికి పెట్టి, కార్డును మెల్లగా వంచుతూ పది సెకన్ల వీడియో తీయమనండి. అమ్మే వ్యక్తి స్లీవ్ తీయనంటే ఈ పరీక్ష జరగలేదనే లెక్క.

అక్షరాలు, అంచు, మెరుపు ఈ మూడు పరీక్షలతోనూ అంచులు కత్తిరించిన అసలు కార్డు పట్టుబడదు. ఎందుకంటే దాని అచ్చూ అట్టా నిజమైనవే. దానికి కార్డు పక్కన స్కేలు పెట్టి నేరుగా పై నుంచి ఫోటో తీయించి, 63 × 88 మి.మీ. వస్తుందో లేదో కొలవాలి. కొలత అర మిల్లీమీటరు తగ్గినట్టు అనిపిస్తే, అదే ఫోటోలో ఎనర్జీ కార్డునూ పెట్టించి రెండూ కలిపి కొలవండి. తమ్ముడి విషయంలో అంతదాకా వెళ్లాల్సిన పని రాలేదు. ఆ అక్షరం ఫోటో చూశాకే అడ్వాన్స్ పంపడం ఆపేశాడు.