కమిటీ "చూద్దాం" అందా? బిఫోర్–ఆఫ్టర్–బ్రిడ్జ్ ఎక్కడ తెగిందో చూసుకోండి

2024 మార్చిలో బెంగళూరంతా నీళ్ల గురించే మాట. తాగునీళ్లతో కారు కడిగితే ఐదు వేలు జరిమానా అని జలమండలి ప్రకటించిన రోజులవి. మహదేవపుర వైపున్న మా అపార్ట్‌మెంట్లో బోరు ఎండిపోయి, రోజుకు మూడు ట్యాంకర్లు తోలించుకుంటున్నాం. ఫ్లాటు ఫ్లాటుకూ నీళ్ల మీటరు పెట్టి, ఎవరు వాడినదానికి వాళ్లే కట్టే పద్ధతి తెద్దామని మేనేజింగ్ కమిటీకి చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదనుకున్నాను. బిఫోర్–ఆఫ్టర్–బ్రిడ్జ్ వరసలో పద్నాలుగు స్లైడ్లు చూపించాను. అందరూ తలూపారు. ప్రెసిడెంట్ గారు "మంచి ఆలోచనండీ, చూద్దాం" అన్నారు. వెంటనే లిఫ్టు ఏఎంసీ సంగతికి వెళ్లిపోయారు.

మే నెలలో అదే కమిటీ, అదే విషయం, అదే పద్ధతి. ఈసారి తీర్మానం అయింది. రెండింటికీ మధ్య నేను సరిచేసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్లకు ఒక్క మాట. బిఫోర్ అంటే ఇప్పుడు ఎలా ఉందో, ఆఫ్టర్ అంటే మార్చాక ఎలా ఉంటుందో, బ్రిడ్జ్ అంటే ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా పోవాలో చెప్పడం. ప్రకటనలు రాసేవాళ్లు వాడే వరస ఇది. ప్రకటన చదివే మనిషి ఒక్కడు, తన జేబు తన ఇష్టం. కమిటీలో ఏడుగురు, పైగా ఇప్పుడున్న పద్ధతిని నడుపుతున్నది కూడా వాళ్లే. అందుకే వరస ఒకటే అయినా తెగే చోట్లు వేరు. ఎక్కడ తెగిందో తెలుసుకోవాలంటే మీరు చెప్పడం ఆపగానే వచ్చే మొదటి మాట పట్టుకోండి. "ఇప్పుడెందుకు?" అంటే బిఫోర్ నిలబడలేదు. అసలు ఎవరూ మాట్లాడకపోతే ఆఫ్టర్‌లో ఏదో ఉంది. "ఏ కంపెనీ మీటరు?" అని మొదలైతే బ్రిడ్జ్ మరీ పొడుగైంది.

లక్షణం: "వానలు పడితే అదే సర్దుకుంటుందిలే"

మార్చిలో నాకొచ్చిన మొదటి మాట ఇదే. దాని వెనకే ఇంకొకాయన, "కావేరి నీళ్ల పథకం ఐదో దశ వస్తోందిగా, ఇంకేం?" అన్నారు.

కారణం: నా బిఫోర్ మొత్తం కరువు మీద నిలబడింది. నగరంలో నీటి కొరత, ఎండిన చెరువులు, పేపరు కటింగులు. అవన్నీ నిజమే, కానీ జూన్‌లో వాన పడితే పోతాయి. కావేరి ఐదో దశ కూడా ఆ అక్టోబరులో నిజంగానే మొదలైంది. తనంతట తానే పోయే కష్టాన్ని చూపించి పద్ధతి మార్చమంటే ఎవరైనా ఆగుదామనే అంటారు. వాళ్ల తప్పేం లేదు.

పరిష్కారం: వాన పడినా పోని కష్టాన్ని వెతకాలి. నాకది గేటు దగ్గర దొరికింది. ట్యాంకర్ వచ్చినప్పుడల్లా సెక్యూరిటీ అతను రాసే రిజిస్టరు ఉంటుంది కదా, తేదీ, బండి నంబరు, సంతకం. ఒక ఆదివారం దాన్ని ముందేసుకుని లెక్కపెట్టాను. మార్చిలో 92 ట్యాంకర్లు, ఒక్కోటి 12,000 లీటర్లు, మాకు పడిన రేటు 1,400. మొత్తం 1,28,800 రూపాయలు. 96 ఫ్లాట్లకు సమానంగా పంచితే తలా 1,342.

ఈ అంకె ఒక్కటే బిఫోర్ కాదు. ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికీ 1,342, ఆరుగురుండే ఇంటికీ 1,342, రెండు నెలలుగా ఫ్లష్ ట్యాంకు కారుతున్నా పట్టించుకోని ఇంటికీ 1,342. అదీ బిఫోర్. వానలు పడి ట్యాంకర్లు ఇరవైకి తగ్గినా ఈ పంపకం మారదు.

ఇంకొకటి, ఆ అంకె ఎవరి నోట రావాలన్నది. మా ట్రెజరర్ అక్కది హిందూపురం. మార్చి మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర ఆపి, "స్లైడ్లన్నీ బాగుండాయప్పా, నా లెడ్జర్‌లో ఏముందో మాత్రం నన్నడగలేదే నువ్వు" అంది. మేలో ఆ లెక్క ఆమే చదివింది. నేను చదివితే అది నా వాదన, ఆమె చదివితే కమిటీ లెక్క.

లక్షణం: "అంటే మేమేం చేయట్లేదంటారా?"

ఇది సెక్రటరీ గారి నుంచి వస్తుంది, సాధారణంగా రెండో స్లైడుకే. బిఫోర్‌లో మనం వాడే క్రియలు చూసుకుంటే కారణం తెలిసిపోతుంది. "పట్టించుకోవడం లేదు", "లెక్క రాయడం లేదు" అన్న చోటల్లా ఎదురుగా కూర్చున్న మనిషి ఉన్నాడు. నేను "కమిటీ సమానంగా వసూలు చేస్తోంది" అన్న వాక్యాన్ని "మీటర్లు లేకపోవడంతో సమానంగా పంచక తప్పడం లేదు" అని మార్చాను. బిల్డరు మీటర్లు పెట్టకుండా కట్టిపోయిన మాట నిజం, కమిటీ చేతిలో లేని మాటా నిజం. అంతకుమించి ఈ చోట చెప్పడానికేం లేదు.

లక్షణం: అందరూ బాగుందంటారు, ఓటు దగ్గర ఎవరూ నోరెత్తరు

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టం ఇదే. మార్చిలో నా ఆఫ్టర్ "ట్యాంకర్ లేని అపార్ట్‌మెంట్". వినడానికి హాయిగా ఉంది, కాబట్టే ఎవరూ కాదనలేదు. కానీ ఏడుగురిలో ముగ్గురు లోపల లెక్క వేసుకుంటున్నారు, నాకేమీ కనబడలేదు.

వాళ్లు వేసుకున్న లెక్క నేను తర్వాత వేశాను. మా దగ్గర దాదాపు 320 మంది ఉంటాం. మీటర్లు లేవు కాబట్టి మనిషికింత అని అంచనా కడితే మార్చి ఖర్చు తలకు 402.50. ఇద్దరున్న ఇంటికి 805 అవుతుంది, అంటే ఐదు వందల పైచిలుకు తగ్గుతుంది. ఆరుగురున్న ఇంటికి 2,415, అంటే వెయ్యి పైగా పెరుగుతుంది. మా వైస్ ప్రెసిడెంట్ గారింట్లో సరిగ్గా ఆరుగురు. న్యాయం అన్న మాట వినపడినంతసేపూ ఆయన కళ్లముందు ఆ వెయ్యి ఆడుతోంది. తనకు నష్టమని పదిమందిలో ఎలా అంటారు? అందుకే మౌనం.

కారణం: ఆఫ్టర్‌లో నష్టపోయేవాళ్లను దాచాను. దాచానని కూడా నాకు తెలియదు.

పరిష్కారం మూడు చోట్ల చేశాను. మీటింగ్‌కు వారం ముందు వైస్ ప్రెసిడెంట్ గారింటికి వెళ్లి, కాఫీ తాగుతూ 2,415 అన్న అంకె నేనే చెప్పాను. "నీకిప్పుడు తెలిసిందా నాయనా?" అని నవ్వారాయన. ఇంట్లో మనుషులున్నందుకు శిక్ష వేయకండి, వృథాకు వేయండి అన్నారు. ఆ మాటే ఆఫ్టర్‌ను మార్చింది. పంపు కరెంటు, సంప్ శుభ్రం, తోట నీళ్లు ఎప్పటిలా సమానంగానే పంచుతాం, ఇంట్లో వాడిన నీళ్లు మాత్రమే మీటరు లెక్క. రెండోది, మొదటి మూడు నెలలు నమూనా బిల్లు. డబ్బు పాత పద్ధతిలోనే కడతారు, పక్కన "మీటరు ప్రకారం అయితే ఇంత" అని ఇంకో వరస అచ్చవుతుంది. ఎవరి జేబుకూ తగలదు, ఎవరెక్కడ ఉన్నారో మాత్రం తెలుస్తుంది.

మూడోది, నినాదం తీసేసి ఆఫ్టర్‌ను ఒక దృశ్యంగా చెప్పాను. జులై 5న మీ చేతికొచ్చే బిల్లులో నీళ్ల వరస విడిగా ఉంటుంది. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, పైపులు దిగే డక్ట్ తలుపు తీసి చూడండి, మీటరు మొహం మీద నక్షత్రంలాంటి చిన్న చక్రం ఉంటుంది. అది తిరుగుతుంటే ఇంట్లో ఎక్కడో కారుతోంది. గంటకు పది లీటర్లు కారినా నెలకు 7,200 లీటర్లు, అంటే ట్యాంకర్‌లో సగం పైనే. బొట్లు బొట్లుగా పడేదాన్ని ఈ మీటరు పట్టుకోలేదని కూడా చెప్పాను. ఆ ఒప్పుకోలు తర్వాతే ప్రెసిడెంట్ గారు పెన్ను తీశారు.

లక్షణం: చర్చ కొటేషన్లలోకి జారిపోతుంది

"స్మార్ట్ మీటరా, మామూలుదా?" అని ఒకరు, "మా బావమరిది ఇదే వ్యాపారం" అని ఇంకొకరు. నలభై నిమిషాలు గడిచాక కోరం ఉండదు.

ఎంతవుతుంది అని అడగడం మంచి శకునమే, మనసులో అవతలి ఒడ్డుకు చేరిన మనిషే ఆ మాట అడుగుతాడు. చిక్కు ఏమిటంటే నేను వంతెన మొత్తం ఒకేసారి పరిచాను. మాది పాత కట్టడం, వంటగదికొకటి, బాత్రూములకు రెండు, ఇలా ఒక్కో ఫ్లాటుకు మూడు చోట్ల నుంచి నీళ్లు దిగుతాయి. అంటే 288 మీటర్లు. బిగింపుతో కలిపి ఒక్కోటి 1,800 అన్నారు, మొత్తం 5,18,400. ఆ అంకె వినగానే కమిటీకి ఆడిటరు గుర్తొస్తాడు.

మేలో వంతెనను ఒక్క పలక చేశాను. 04 నంబరు వరస, 104 నుంచి 804 దాకా ఎనిమిది ఫ్లాట్లు, 24 మీటర్లు, 43,200 రూపాయలు. మా బైలాస్ ప్రకారం అంత మొత్తం కమిటీ స్వయంగా ఖర్చు పెట్టొచ్చు. బిల్లు పద్ధతి మార్చడం మాత్రం జనరల్ బాడీ పని, దాన్ని కమిటీని అడగడమే పొరపాటు. బ్రిడ్జ్‌లో మొదటి అడుగు ఎదురుగా ఉన్నవాళ్ల అధికారంలోనే ఉండాలి.

ఎప్పుడు ఆపేస్తామో కూడా చెప్పాను. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండితే పైపుల్లో గాలి మీటరును ఉత్తినే తిప్పుతుంది. ఆ రోజులు రిజిస్టరులో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టినా మూడు నెలల్లో లెక్కలు తేడా వస్తే మీటర్లు అలాగే ఉంచి బిల్లు సంగతి వదిలేస్తాం.

లక్షణం: ఒప్పుకున్నారు, కానీ ఏదీ కదలదు

మినిట్స్ తీసి చూడండి. "నీటి మీటర్ల విషయం చర్చించి, ఆమోదించడమైనది" అని ఉంటే అది ఆమోదం కాదు, జ్ఞాపకం. అందుకే తీర్మానం నేనే రాసుకుని వెళ్లాను:

"04 వరసలోని ఎనిమిది ఫ్లాట్లకు 24 మీటర్లు మే 31 లోపు బిగించాలి. ఖర్చు 43,200 మించరాదు. ప్లంబరు పని సెక్రటరీ చూస్తారు. ప్రతి నెల 1వ తేదీ ఉదయం రీడింగు ట్రెజరర్, ఒక నివాసి కలిసి తీసుకుంటారు. జూన్, జులై, ఆగస్టు నమూనా బిల్లులు సెప్టెంబరు మీటింగ్‌లో పెట్టాలి."

వైస్ ప్రెసిడెంట్ గారు ఒక్క మార్పు అడిగారు, "ఒక నివాసి" అన్నచోట తన పేరు వేయమని. జులై 1న ఆయనా, ట్రెజరర్ అక్కా టార్చి పట్టుకుని డక్టులు తిరిగారు. 504లో ఇంటివాళ్లు ఊళ్లో లేరు, మీటరు చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. తాళం తెప్పించి చూస్తే ఫ్లష్ ట్యాంకు వాషరు అరిగిపోయి ఉంది.