ఫసలీ కాగితం అనువాదంలో తేదీ తిరగబడితే

లక్షణం: అడంగల్, దరఖాస్తు పట్టా అన్నీ తెలుగులోనో ఇంగ్లీషులోనో చక్కగా రాసిస్తారు. తీరా వకీలు దగ్గరకో రిజిస్ట్రారు ఆఫీసుకో వెళ్లాక, పట్టా ఇచ్చిన తేదీ మిగతా కాగితాలతో పొసగదు.

ముందు అసలు కాగితం చూడండి. సంవత్సరం పక్కన 'ఫ.' అనే చిన్న అక్షరం ఉందా? ఉంటే అది ఫసలీ, అంటే రెవెన్యూ వారి సంవత్సరం. పదిమందిలో తొమ్మిదిమంది ఆ పని చేయకుండా నా దగ్గరకు వస్తారు.

ఫసలీ సంఖ్యకు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది. రెవెన్యూ వారి ఫసలీ జులై 1న మొదలై మరుసటి ఏడాది జూన్ 30న ముగుస్తుంది. 590 కలిపితే వచ్చేది మొదటి ఆరు నెలల సంవత్సరం మాత్రమే. జనవరి నుంచి జూన్ వరకు 591 కలపాలి.

కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక దరఖాస్తు పట్టా మీద 'డి.కె. నంబరు 27/1364 ఫ.' అని ఉంది. నేను 590 కలిపి '1954' అని రాసి పంపాను. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జీ.ఓ. 1142 నుంచి దరఖాస్తు పట్టాలకు అమ్మకూడదన్న షరతు వచ్చింది. నా '1954' చూసి వకీలు ఆ తేదీకి ముందుదే అనుకున్నారు. కానీ 1364 ఫసలీ మొదలయ్యేదే 1954 జులై 1న. అంటే పట్టా షరతు వచ్చిన తర్వాతిది. 1363 ఫసలీ అయితే 1953 జులై నుంచి 1954 జూన్ వరకు, చివరి పదమూడు రోజులు తప్ప అంతా షరతుకు ముందే. ఒట్టి '1954' అని రాస్తే రెండింటిలో ఏదో ఎవరికీ తెలియదు.

పరిష్కారం: సంఖ్యను మార్చి పారేయకండి. 'ఫసలీ 1364 (1954 జులై 1 నుంచి 1955 జూన్ 30 వరకు)' అని రెండూ రాయండి. సరైన తేదీ కావాలంటే తహసీల్దారు ఉత్తర్వు నకలు తీయించండి. ఫసలీ నుంచి రోజు పుట్టదు.

ఇదే కాగితంలో దరఖాస్తు పట్టాను 'అర్జీ పట్టా' అని రాసేవారున్నారు. దరఖాస్తు అంటే అర్జీయే, నిజమే. కానీ ఇక్కడ అది ప్రభుత్వ భూమిని అసైన్ చేసిన పట్టా. అలాగే శివాయిజమా అని కనిపిస్తే యాజమాన్యం కాదు, ప్రభుత్వ భూమిలో అనుమతి లేని సాగుకు వేసిన శిస్తు.

పాత తెలుగు అంకెల్లో ౨ని ౩గా చదవడం అరుదు, భూతద్దం చాలు. హైదరాబాదు రాజ్యపు ఫసలీ వేరే లెక్క, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల కాగితాలకు దానితో పని లేదు. 1970కి ముందు కాగితంలో కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉంటే కంగారు పడకండి, అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు.