10X భూతద్దం, సాయంత్రానికి తలనొప్పి: లోపం ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి

ప్రొద్దుటూరులో మా మామ బంగారు పని చేస్తాడు. వయసు యాభై దాటింది. ఉంగరం లోపలి వైపు కొట్టిన 22K916 ముద్రను, పక్కనే ఉండే ఆరక్షరాల గుర్తింపు సంఖ్య HUIDని రోజుకు ఎన్నిసార్లు చూస్తాడో లెక్కలేదు. మొన్న పండక్కి పోతే భూతద్దం నా చేతిలో పెట్టి, "ఏంరా, నువ్వు ఫిజిక్స్ చెప్తావు గదా, సాయంత్రమయ్యేసరికి ఈ అద్దం నా తలకాయ పగలగొడతా ఉంది, ఎందుకో చెప్పు" అన్నాడు. అద్దంలో లోపమేమీ లేదు. ఉంగరం ఒక మిల్లీమీటరు తప్పు చోట ఉంది, అంతే.

సమస్య 1: అక్షరాలు తేటగానే కనబడతాయి, కానీ అరగంటకే కన్ను లాగుతుంది

మామ అద్దం పట్టే తీరు చూశాను. అద్దాన్ని కంటికి ఆనించి, ఉంగరాన్ని అద్దానికి దాదాపు తగిలించి, అక్కడి నుంచి మెల్లగా బయటికి జరుపుతాడు. అక్షరాలు తేట పడగానే ఆగిపోతాడు. తప్పంతా ఈ ఆగడంలోనే ఉంది.

కంటికి రెండు హద్దులుంటాయి. ఏ శ్రమా లేకుండా చూడగలిగేంత దూరం దూర బిందువు. ఆరోగ్యమైన కంటికి అది అనంతంలో ఉంటుంది. కంటిలోని సిలియరీ కండరాన్ని పూర్తిగా బిగించి చూడగలిగేంత దగ్గర సమీప బిందువు. పుస్తకాల్లో దీన్ని 25 సెం.మీ. అని రాస్తారు గానీ, అది లెక్కల కోసం పెట్టుకున్న అంకె. చిన్నపిల్లలకు అది 10 సెం.మీ. లోపే ఉంటుంది, యాభై దాటినవాళ్లకు అర మీటరు దాకా పోతుంది. మామను చదువుకునే కళ్లద్దాలు తీసేసి పేపరు చదవమన్నాను. చెయ్యి చాచి అర మీటరు దూరం పెడితేగాని అక్షరం నిలవలేదు. బలాన్ని డయాప్టర్లలో కొలుస్తారు, ఒకటిని మీటర్లలో ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది అదే. అంటే అతని కండరానికి మిగిలిన బలం సుమారు 2 డయాప్టర్లే.

ఇప్పుడు అద్దం సంగతి. 10X అంటే నాభ్యంతరం f 25 మి.మీ., బలం 40 డయాప్టర్లు. వస్తువు సరిగ్గా 25 మి.మీ. దగ్గరుంటే కిరణాలు సమాంతరంగా వస్తాయి. బొమ్మ అనంతంలో ఉన్నట్టు లెక్క, అంటే కన్ను దూరంగా ఉన్న కొండను చూసినంత హాయిగా చూస్తుంది. వస్తువు 23.8 మి.మీ. దగ్గరికి వస్తే బొమ్మ అర మీటరు దూరంలో పడుతుంది. అది మామ సమీప బిందువు, అక్కడ అతని కండరం మొత్తం బిగిసే ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడా 1.2 మి.మీ. మాత్రమే, ఆ మేరా అంతా ముద్ర తేటగానే ఉంటుంది. దగ్గరి నుంచి బయటికి జరిపేవాడికి మొదట తగిలేది ఎక్కువ శ్రమ ఉన్న కొస. మామ రోజంతా అక్కడే పని చేస్తున్నాడు. కొట్లో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడూ అలాగే పడతాడు గానీ, అతనికి ఇంచుమించు 10 డయాప్టర్ల నిల్వ ఉంది, తెలియదు.

పరిష్కారం: రెండు కళ్లూ తెరిచి ఉంచండి. భూతద్దం పెట్టని కంటితో వీధి చివరి బోర్డునో, ఎదురింటి డాబానో చూడండి. వస్తువును అద్దానికి నాలుగు సెం.మీ. దూరం నుంచి దగ్గరికి తీసుకురండి. మొదటిసారి తేట పడిన చోటే ఆగండి, ఇంకొంచెం తోయకండి. నాభి బయట ఉన్నంతసేపూ అద్దం నుంచి వచ్చే కిరణాలు కలుసుకునేలా వస్తాయి. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యమైన కన్ను వాటిని చూడలేదు. కాబట్టి ఇటు నుంచి వస్తే మొదటి తేట ఎప్పుడూ దూర బిందువుదే. రెండో కన్ను తెరిచి ఉంచమన్నదీ ఊరికే కాదు. ఏదో పరికరంలోకి చూస్తున్నామని తెలియగానే కన్ను తనంతట తాను దగ్గరికి బిగుసుకుంటుంది, దూరాన్ని చూపిస్తే సడలుతుంది.

సరిచూసుకునే మార్గం ఒకటుంది. ముద్ర చదువుతూ చదువుతూ తలెత్తి వీధిలోకి చూడండి. వెంటనే తేటగా కనబడితే పట్టు సరిగ్గా ఉంది. రెండు సెకన్లు మసకేసి తర్వాత తేట పడితే కండరం ఇంకా బిగుసుకునే ఉంది.

"మరి దూరం జరిపితే అక్షరం చిన్నగవదా?" అని మామ అడిగాడు. అవుతుంది, కానీ ఎంత? విశ్రాంతి కంటికి కోణీయ ఆవర్ధనం

M = 25/f (f సెం.మీ.లో)

అంటే 10. బొమ్మను 25 సెం.మీ. దగ్గర పడేలా పెడితే 1 + 25/f, అంటే 11. మామ పట్టే చోట అయితే 10.5. ఆ అర కోసం సాయంత్రం తలనొప్పి కొనుక్కుంటున్నాడు. అర మి.మీ. ఎత్తున్న అక్షరం 25 మి.మీ. దగ్గర ఒక డిగ్రీకి పైగా కోణం చేస్తుంది, ఆకాశంలో పున్నమి చంద్రుడికి రెట్టింపు. అంతకు మించి ఎందుకు? అయితే 2.5X లాంటి పెద్ద చేతి భూతద్దంతో లెక్క మారుతుంది. అక్కడ 2.5 నుంచి 3.5కి పెరుగుతుంది కాబట్టి దగ్గరికి లాగాలన్న ఆశకు అర్థముంది.

సమస్య 2: చెప్పినట్టే పట్టినా మసకగానే ఉంది

మామకు ఇదీ జరిగింది. చూస్తే చదువుకునే కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. అవి +2. సమాంతర కిరణాలు వాటిలోంచి పోతే కలుసుకునే కిరణాలై కన్ను చేరతాయి, మసకేస్తుంది. అద్దాలు తీసేయాలి, బైఫోకల్ అయితే పై భాగంలోంచి చూడాలి.

దూరపు చూపు తక్కువున్నవాళ్ల కథ వేరు. −3 కళ్లద్దాల మనిషి అవి తీసేస్తే దూర బిందువు 33 సెం.మీ. దగ్గరికి వస్తుంది. అతని కన్ను విశ్రాంతిగా ఉండే చోటు 25 కాదు, 23.3 మి.మీ. స్టాండుకు బిగించిన భూతద్దాన్ని ఇలాంటివాడు తన కంటికి సర్ది పోతే, తర్వాత కూర్చునే మామకు 3 డయాప్టర్ల శ్రమ కావాలి. అతని దగ్గర ఉన్నవి రెండే, కాబట్టి ఎంత తిప్పలు పడినా ముద్ర తేలదు. అందరూ వాడే స్టాండును ఎవరి దూరపు కళ్లద్దాలు వాళ్లు పెట్టుకుని 25 మి.మీ.కే బిగించుకోవాలి.

సమస్య 3: 10X అని రాసుంది, అంత కనబడదు

గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మీద తెల్లకాగితం పెట్టి, కిటికీ అవతలి దూరపు దృశ్యం కాగితం మీద తలకిందులుగా తేట పడేదాకా అద్దాన్ని జరపండి. అద్దానికీ కాగితానికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. అదే f. 4 సెం.మీ. వస్తే అది 6.25X మాత్రమే, పైన ఏం చెక్కి ఉన్నా సరే. ఎండను మాత్రం అద్దంతో పట్టకండి, కాగితం కాలుతుంది.

అద్దం నిజమైన 10X అయినా ఇద్దరికి ఒకే లాభం ఉండదు. ఆ పది, 25 సెం.మీ. దగ్గర పెట్టి చూసేవాడితో పోల్చిన అంకె. మామ వట్టి కంటితో అర మీటరు దగ్గర చూస్తాడు, కాబట్టి అతనికి ఇది ఇరవై రెట్ల మేలు. పది సెం.మీ. దగ్గరే పెట్టుకుని చూడగలిగే మనవడికి నాలుగు రెట్లే. వాడు అద్దం తీసుకుని, "ఏముంది తాతా ఇందులో" అని తిరిగి ఇచ్చేశాడు.